హెడ్‌లైన్ల ప్రయోగం: సర్వే లింక్ పంపేముందు జాగ్రత్తలు

ఒకే వార్తకు రెండు హెడ్‌లైన్లు అనుకుందాం. ఒకటి భయపెట్టేది, ఇంకొకటి మామూలుది. భయం పెరిగితే ఆ వార్తను షేర్ చేయాలన్న కోరిక పెరుగుతుందా అన్నది ప్రశ్న. ఇది తేల్చడానికి జనాన్ని లాటరీ వేసి రెండు గుంపులుగా పంచి, ఒక్కో గుంపుకు ఒక్కో హెడ్‌లైన్ చూపించి, షేర్ చేస్తారా అని అడుగుతాం.

☐ రెండు హెడ్‌లైన్ల పొడవు, ఫొటో, పత్రిక పేరు ఒకేలా ఉన్నాయా? భయపెట్టేదాంట్లో "12 మంది మృతి" అని ఉండి రెండోదాంట్లో ఆ అంకె లేకపోతే, తేడా భయం వల్లో సమాచారం వల్లో చెప్పలేం.

☐ "ఈ హెడ్‌లైన్ ఎంత ఆందోళన కలిగించింది?" అనే మానిప్యులేషన్ చెక్‌ను, అంటే హెడ్‌లైన్ నిజంగా భయపెట్టిందో లేదో చూసే ప్రశ్నను, షేరింగ్ ప్రశ్న తర్వాతే పెట్టండి. ముందే అడిగితే మనమేం వెతుకుతున్నామో జనం పసిగట్టేస్తారు. అసలు ప్రయోగానికి ముందే హెడ్‌లైన్లను వేరే కొద్దిమందిపై పరీక్షించి చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

☐ చెక్‌లో తప్పిన వాళ్లను తీసేయాలనిపిస్తుంది. తీయకండి. మామూలు హెడ్‌లైన్ చూసినవాళ్లు ఒక కారణంతో, భయపెట్టేది చూసినవాళ్లు మరో కారణంతో తప్పుతారు. వాళ్లను తీసేస్తే మిగిలిన రెండు గుంపులూ పోల్చదగ్గవి కావు, లాటరీ వేసి పంచిన ప్రయోజనం పోతుంది. శ్రద్ధగా చదువుతున్నారో లేదో చూసే పరీక్ష కావాలంటే హెడ్‌లైన్ చూపించకముందే పెట్టుకోవాలి.

☐ సమ్మతి పత్రంలో మనం పరీక్షిస్తున్న ఊహ ఏమిటో చెప్పనక్కర్లేదు. కానీ కలవరపెట్టే వార్తలు కనిపించవచ్చనీ, ఎప్పుడైనా మానేయవచ్చనీ చెప్పాలి.

☐ హెడ్‌లైన్ కల్పితమైతే చివర్లో ఏది అబద్ధమో విడమరిచి చెప్పండి. ఒకసారి చూసిన అబద్ధం రెండోసారి మరింత నిజంలా తోచవచ్చు. అప్పుడే "మీ జవాబులు వాడుకోవచ్చా?" అని మళ్లీ అడగాలి. మధ్యలో వెళ్లిపోయినవాళ్లకూ ఈ వివరణ ఎలా అందుతుందో ముందే చూసుకోండి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.