మిడ్‌రోల్ యాడ్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

యూట్యూబ్‌లో మిడ్‌రోల్, అంటే వీడియో మధ్యలో వచ్చే యాడ్, పెట్టాలంటే వీడియో కనీసం 8 నిమిషాలుండాలి. అది దాటింది కదా అని యాడ్ చోటును ఆటోమేటిక్‌కి వదిలేసి పబ్లిష్ కొట్టేయకండి.

☐ ముందు వీడియో అంతా ఒకసారి కూర్చుని వినండి. పాతబస్తీలో తీసిన నా 14 నిమిషాల హలీం వీడియోలో యాడ్ 5:12 దగ్గర పడింది. సరిగ్గా అప్పుడే వంటాయన కర్రతో దంచుతూ "అసలు కిటుకు ఏంటంటే భయ్యా" అంటున్నాడు. ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్ అక్కడే జారిపోయింది. 5:31కి ఆయన మాట ముగించి కర్ర పక్కన పెడతాడు, తర్వాతి షాట్ చార్మినార్ వీధి. యూట్యూబ్ స్టూడియోలో యాడ్‌ని ఆ కట్ మీదికి జరిపాను. పబ్లిష్ అయ్యాక కూడా ఇలా మార్చుకోవచ్చు.

☐ నిశ్శబ్దం కనిపించగానే విరామం అనుకోవద్దు. దేగ్చా మూత తీసే ముందు అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అక్కడ మాట లేదు గానీ ఉత్కంఠ ఉంది. యాడ్ పెట్టడానికి అది అన్నిటికంటే చెడ్డ చోటు. చెప్పదలచుకున్న విషయం ఒకటి పూర్తయిన చోటే నిజమైన విరామం.

☐ ఆడియో వేవ్‌ఫామ్‌ను పెద్దది చేసి, యాడ్ తర్వాతి మాట మొదటి అక్షరాన్ని మింగేయడం లేదని చూడండి.

☐ థంబ్‌నెయిల్‌లో ఆశ పెట్టిన వాటిలో ఒక్కటైనా చూపించాకే మొదటి యాడ్.

☐ కొన్నాళ్లాగి గ్రాఫ్ చూడండి. సీన్ మారినప్పుడు ఎలాగూ కొందరు వెళ్లిపోతారు కాబట్టి, యాడ్ లేని సీన్ మార్పు దగ్గరి తగ్గుదలతో పోల్చి చూడండి. యాడ్ దగ్గరి తగ్గుదల దానికంటే బాగా లోతుగా ఉంటేనే చోటు మార్చండి.