వ్యక్తిత్వ సిద్ధాంతాలు, 7వ పాఠం: అబద్ధం వేరు, రక్షక తంత్రం వేరు

పోయిన పాఠం చివర మూడు సంఘటనలు ఇచ్చి, ఒక్కోదానిలో ఏ రక్షక తంత్రం, అంటే ఆందోళన నుంచి కాపాడుకోవడానికి మనసు పన్నే ఏ ఉపాయం, పనిచేస్తోందో రాయమన్నాను. మొదటిదానికీ మూడోదానికీ చాలామంది దగ్గరగానే వచ్చారు. రెండోది మాత్రం దాదాపు అందరూ తప్పారు. అందుకే ఈసారి చెబుతానన్న కొత్త తంత్రాలను పక్కన పెట్టి, ఆ తప్పు సంగతే చూద్దాం. ఇక్కడ కాలు జారితే తర్వాత ఏ పాఠమూ నిలబడదు.

రెండో సంఘటన గుర్తుందిగా. కొర్లగుంటలో ఉండే ఒకతను చీటీ పాడి తెచ్చుకున్న రెండు లక్షలూ ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకున్నాడు. భార్య అడిగితే "చీటీ ఇంకా పాడలేదు" అంటున్నాడు. దీనికి సగం మంది దమనం, అంటే భరించలేనిదాన్ని మనసు తెలియకుండానే మరుగున పడేయడం అని రాశారు. మిగతావాళ్లు నిరాకరణ, అంటే కళ్లెదుటి నిజాన్నే లేదనుకోవడం అని రాశారు. రెండూ కావు. అది అబద్ధం, అంతే.

ఎందుకో చూడండి. అతనికి పోయిన డబ్బు లెక్క రూపాయితో సహా తెలుసు. నెలనెలా చీటీ కంతు ఏ తారీఖున కట్టాలో తెలుసు. బ్యాంకు మెసేజ్ రాగానే భార్య చూడకముందే తీసేస్తాడు. "నాకు తెలుసు, ఆమెకు తెలియకూడదు" అన్నది అతని స్థితి. రక్షక తంత్రంలో మోసపోయేది ఎదుటి మనిషి కాదు, తనే. దమనం, నిరాకరణ లాంటివి అచేతనంగా జరుగుతాయి. మనసుకు భరించలేని ఆందోళన రాబోతోందని అహం, అంటే మనసులో లోపలి కోరికలకూ బయటి లోకానికీ సర్దిచెప్పే భాగం, పసిగట్టి, ఆ మనిషికి తెలియకుండానే అడ్డం వేస్తుంది. తెలిసి చేసేది ఏదైనా సరే, ఎంత బాధతో చేసినా సరే, ఈ జాబితాలో దమనం కిందికీ నిరాకరణ కిందికీ రాదు. "బాధను మరిచిపోవాలని పనిలో పడ్డాడు" అని రాసినా అంతే. అది తెలిసి చేసే అణచుకోవడం. మానసిక వైద్యుడు జార్జ్ వైలంట్ రక్షక తంత్రాల వర్గీకరణలో దాన్ని పరిణతి చెందిన తంత్రాల్లో పెట్టాడు. దమనం ఆయన లెక్కలో అంతకంటే కింది మెట్టు. పరీక్షలో ఈ రెండింటినీ కలిపేస్తే మార్కులు పోతాయి. ఇంట్లో కలిపేస్తే మనుషుల మీద లేనిపోని ముద్ర వేస్తాం.

అబద్ధమో రక్షక తంత్రమో బయటినుంచి ఎలా కనిపెట్టాలి అని అడిగారు. ఎవరూ చూడనప్పుడు ఆ మనిషి ఏం చేస్తాడో చూడండి. మొదటి సంఘటనలోని చిత్తూరు పెద్దాయననే తీసుకుందాం. రిటైరైన కండక్టరు. మూడు నెలల షుగర్ సగటు 9.1 అని రిపోర్టు వచ్చింది. అది 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహం. "ల్యాబ్‌లో ఎవరిదో నాకు కలిపేశారు" అన్నాడు. కొడుకు ఇంకో చోట చేయిస్తే మళ్లీ 9 వచ్చింది. "మొన్న పెళ్లిలో మైసూరుపాకు తిన్నా కదా, దానివల్ల" అన్నాడు. మూడు నెలల సగటు ఒక పెళ్లి భోజనంతో మారదు. అది డాక్టరు చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

ఇప్పుడు ఆయన చేతలు చూడండి. రిపోర్టును దాచలేదు, పాత పేపర్ల కట్టలో మామూలు కాగితంలా పెట్టేశాడు. మామిడిపండును అందరి ముందూ కోసుకుని తింటాడు. అబద్ధమాడేవాడు చాటుగా తింటాడు, లేకపోతే చాటుగా మాత్ర వేసుకుంటాడు. ఈయనకు చాటు అవసరమే లేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో జబ్బే లేదు. ఇదీ నిరాకరణ. చెడు వార్త విన్న తొలి రోజుల్లో ఇది చాలామందిలో సహజంగానే వస్తుంది, మనిషికి కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. నెలలు గడిచినా అలాగే ఉండి వైద్యం ఆగిపోతే అప్పుడది ప్రమాదం.

నిరాకరణ, దమనం, ప్రక్షేపణం మూడూ కలిసిపోతున్నాయంటే నేను వాడే అడ్డదారి ఒకటి చెబుతాను. విషయాన్ని ఒక వాక్యంగా రాసి, ఆ వాక్యానికి ఏమైందో చూడండి. నిరాకరణలో బయటి లోకపు వాక్యం మీద గీత పడుతుంది: "నాకు షుగర్ ఉంది" అన్నది "లేదు" అవుతుంది. దమనంలో లోపలి వాక్యం మొత్తం చెరిగిపోతుంది, చెరిగిందని కూడా తెలియదు. ప్రక్షేపణంలో వాక్యం అలాగే ఉంటుంది, కర్త మాత్రం మారుతుంది. ఇది నా సొంత ఊహ కాదు. 1911లో ష్రేబర్ అనే న్యాయమూర్తి జబ్బును విశ్లేషిస్తూ ఫ్రాయిడ్ ఇలాగే వాక్యాలు తిప్పి చూపించాడు. "నేను అతన్ని ద్వేషిస్తున్నాను" అన్నది ప్రక్షేపణంతో "అతను నన్ను ద్వేషిస్తున్నాడు" అవుతుందన్నాడు.

దీన్ని మూడో సంఘటనకు పెట్టి చూద్దాం. తిరుపతిలో ఒక ఆఫీసు. ఇరవై ఏళ్ల సర్వీసున్న సీనియర్ గుమాస్తా, అందరూ "అన్నా" అని పిలిచే మనిషి. కొత్తగా చేరిన అమ్మాయికి కంప్యూటర్ లెక్కలన్నీ అప్పగించారు. నెల తిరక్కముందే ఆయన "ఆ పిల్లకు నేనంటే కుళ్లు" అనడం మొదలుపెట్టాడు. ఆమె పాత ఫైళ్ల గురించి సందేహం అడిగితే "నా తప్పులు వెతుకుతోంది" అన్నాడు. అడగడం మానేస్తే "చూశారా, పొగరు" అన్నాడు. సాయంత్రం ఆమె వెళ్లాక ఆమె రిజిస్టరు తీసి, ఎర్ర పెన్నుతో కూడికలు సరిచూసేది మాత్రం ఆయనే.

వాక్యం రాయండి: "నేను ఆమెను చూసి ఓర్వలేకపోతున్నాను." అందరికీ అన్నలాంటివాడినని నమ్ముకున్న మనిషికి ఈ వాక్యం మింగుడుపడదు. కర్త మారింది: "ఆమె నన్ను చూసి ఓర్వలేకపోతోంది." అడిగినా తప్పే, అడగకపోయినా తప్పే అయిందంటే, ఆమె ఏం చేసినా ఆ నమ్మకం మారదన్నమాట. పైగా ఏ గుణం ఆమెలో ఉందంటున్నాడో అదే ఆయన చేతల్లో కనిపిస్తోంది. ఈ రెండూ కలిస్తేనే ప్రక్షేపణం అనండి.

"బస్సు ఆలస్యమైంది కాబట్టి లేటయ్యాను" అన్నదాన్ని కొందరు ప్రక్షేపణమన్నారు. బస్సు మీదికి ఏ భావం వెళ్లింది? ఏదీ లేదు. నెపం చెప్పడం వేరు. అలాగే, ఆ అమ్మాయికి నిజంగానే కొంచెం అసూయ ఉండొచ్చు కూడా. ఎదుటి మనిషిలో ఉన్న చిన్న నిప్పురవ్వనే పట్టుకుని మన మంటంతా అక్కడ పెట్టేస్తాం. కాబట్టి "అవతలివాళ్లలో ఉంది కదా, ఇక ప్రక్షేపణం కాదు" అని కొట్టేయకండి.

దమనం గురించి ఒక్కటే చెబుతాను. పక్కనుంచి చూసి "ఇది దమనమే" అని తేల్చడం దాదాపు కుదరదు. అక్క గుర్తుపెట్టుకున్న గొడవ చెల్లెలికి గుర్తు లేదంటే, అది మామూలు మరుపూ కావచ్చు. 1990లో మనస్తత్వవేత్త డేవిడ్ హోమ్స్ అరవై ఏళ్ల పరిశోధనలను పరిశీలించి, ప్రయోగశాలలో దమనానికి గట్టి ఆధారం దొరకలేదన్నాడు. గుచ్చిగుచ్చి అడిగితే జరగనివి కూడా జరిగినట్టు గుర్తుకొస్తాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధించిన ఎలిజబెత్ లోఫ్టస్ ప్రయోగాలు చూపించాయి. జవాబు రాసేటప్పుడు ఈ హద్దు కూడా రాయండి. ఇంట్లో ఎవరినీ "నువ్వు దమనం చేసుకున్నావు, గుర్తు తెచ్చుకో" అని వేధించకండి.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. వారం రోజులు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఇంట్లోనో ఆఫీసులోనో ఒక మనిషి మీద "వాళ్లు నన్ను ఫలానా విధంగా చూస్తున్నారు" అని మీకు అనిపించినప్పుడల్లా ఆ వాక్యం రాసి, కింద ఆ మనిషి చేసిన పనినీ అన్న మాటనూ ఉన్నదున్నట్టు రాయండి. ఏడో రోజున ఆ వాక్యాల్లో కర్తను మార్చి ఒక్కసారి చదవండి. ఏ వాక్యం దగ్గర పేజీ తిప్పేయాలనిపిస్తే దాన్నే ఎంచుకుని, ప్రక్షేపణానికి పైన చెప్పిన రెండు గుర్తులూ ఉన్నాయో లేదో ఒక పేజీలో రాయండి. పేర్లు రాయొద్దు. వచ్చే పాఠం ఆ పేజీతోనే మొదలవుతుంది.