స్క్రీన్‌షాట్‌లో #REF!, #DIV/0! కనిపిస్తే లెక్కను ఎలా సరిచేయాలి?

పర్లాకిమిడి, గుణుపురం వైపు జీడిపిక్కల కొనుగోలు లెక్కలు రాసేవారు, ఎక్సెల్‌లో లెక్క చెడగానే అట్టడుగున మొత్తం ఉన్న గడిని మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి పంపుతుంటారు. దానివల్ల ఏమీ తేలదు. చెడిన గడిని ఒకసారి నొక్కి, పైనున్న ఫార్ములా పట్టీ, కాలమ్ అక్షరాలు, వరుసల అంకెలు మూడూ కనిపించేలా తీయాలి.

#DIV/0! చిన్న సమస్యే. కిలోలను బస్తాలతో భాగించే చోట బస్తాల గడి ఖాళీగా ఉంటే, ఎక్సెల్ దానిని సున్నాగా తీసుకుంటుంది. సంఖ్యను నింపితే సరిపోతుంది; నింపడానికి ఇంకా సమయం ఉంటే ఇలా రాసుకోవచ్చు.

```
=IF(B9=0,"",C9/B9)
```

అసలు జాగ్రత్త కావలసింది #REF! దగ్గర. ఫార్ములా ఆధారపడిన గడినే షీటు నుంచి తీసేశారని దీని అర్థం. గడిలోని అంకెను చెరిపితే ఇది రాదు, ఎక్కువగా కాలమ్‌నో వరుసనో తొలగిస్తే వస్తుంది. ఉదాహరణకు B లో బస్తాలు, C లో కిలోలు, D లో ధర, E లో సొమ్ము ఉన్న షీటులో D ని ఎవరో తొలగించారనుకుందాం. సొమ్ము కాలమ్ D లోకి జరిగి, దాని ఫార్ములా ఇలా మారుతుంది.

```
=C2*#REF!
```

కింద D41 లోనూ #REF! అనే కనిపిస్తుంది, కానీ అక్కడి `=SUM(D2:D40)` లో ఏ లోపమూ లేదు. అది పైవరుసల తప్పును మోసుకొస్తున్నదంతే. కాబట్టి ఫలితంలో కాక, ఫార్ములా లోపలే #REF! ఉన్న గడిని వెతికి పట్టుకోవాలి.

తొలగించింది ఇప్పుడే అయితే Ctrl+Z నొక్కండి, అంతటితో పని అయిపోతుంది. ఫైలు మూసి తెరిచాక ఆ దారి ఉండదు. అప్పుడు ముందుగా ఫైలుకు నకలు తీసి, D స్థానంలో కొత్త కాలమ్ చొప్పించి, ధరలను పాత ఫైలు నుంచో కొనుగోలు చీటీల నుంచో మళ్లీ ఎక్కించాలి. కాలమ్ తిరిగి వచ్చినంత మాత్రాన ఫార్ములా తనంతట తాను బాగుపడదు.

ఇక్కడే చాలామంది తొందరపడి, #REF! ఉన్న చోటల్లా D2 అని ఒక్కసారిగా మార్చేస్తారు. తప్పు గుర్తులన్నీ మాయమవుతాయి గానీ, ప్రతి రైతు సరుకుకూ 2వ వరుసలోని ధరే పడుతుంది, దానిని ఎక్సెల్ తప్పని చెప్పదు. IFERROR తో కప్పిపుచ్చడం కూడా నాకు సమ్మతం కాదు. ఆ వరుస సున్నాగానో ఖాళీగానో మారి మొత్తం తగ్గిపోతుంది, తగ్గిందని ఎవరికీ తెలియదు. సరైన పద్ధతి E2 లో `=C2*D2` అని చేత్తో రాసి, 40వ వరుస దాకా లాగి, 41వ వరుసలోని మొత్తం మీదికి పోకుండా ఆపడమే. ఆపై ధరలు వేరువేరుగా ఉన్న రెండు వరుసలను ఎంచుకుని, వాటి సొమ్మును చీటీలతో సరిచూడండి.