క్లయింట్‌తో పని, 5వ పాఠం: ఓవర్‌ల్యాప్ అవర్స్ మనమే ప్రపోజ్ చేయడం

పోయిన పాఠంలో స్టేటస్ మెయిల్ ఎలా రాయాలో చూశాం. ఈసారి, మన టీమూ క్లయింటూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండే కొన్ని గంటలు కావాలని మనంతట మనమే ఎలా అడగాలో చూద్దాం. చాలామంది లీడ్‌లు దీన్ని క్లయింట్ అడిగేదాకా ఆపుతారు, అప్పటికి క్లయింట్‌కి చిరాకొచ్చి ఉంటుంది, ఇక అడిగేది మూడు గంటలు కాదు, పూర్తి నైట్ షిఫ్టే.

ఒక ఊహా కేసు తీసుకుందాం. హైదరాబాద్‌లో ఏడుగురి టీమ్, ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 దాకా పని. క్లయింట్ డాలస్‌లో ఒక రిటైల్ కంపెనీ, వాళ్ల ప్రొడక్ట్ ఓనర్ ఉదయం 8 గంటలకు సిస్టమ్ ముందు కూర్చుంటారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి అక్కడ 8 అయ్యేసరికి ఇక్కడ సరిగ్గా 6:30. ఆవిడ లాగిన్ అయ్యే నిమిషానికే మనవాళ్లు లాప్‌టాప్ మూస్తున్నారు, అంటే ఓవర్‌ల్యాప్ సున్నా.

ప్రపోజల్‌కి ముందు ఈ సున్నా వల్ల పోతున్నది ఎంతో లెక్క తీయండి. మంగళవారం ఉదయం 11 గంటలకు టెస్టర్‌కి ఒక సందేహం వచ్చిందనుకోండి: కస్టమర్ రెండు వస్తువుల్లో ఒకటి వాపసు ఇస్తే కాంబో డిస్కౌంట్ ఉంటుందా, పోతుందా? టికెట్‌లో రాశారు. డాలస్‌లో 9 గంటలకు జవాబు వచ్చింది, ఇక్కడ రాత్రి 7:30, ఎవరూ లేరు. బుధవారం ఉదయం చూస్తే ఆ జవాబులో ఇంకో మెలిక, మళ్లీ అడిగారు, దానికి జవాబు చదివేది గురువారం 9:30కి. పది నిమిషాలు మాట్లాడుకుంటే తేలే విషయానికి 46 గంటలు దాటింది. అదే శుక్రవారం మొదలైతే మంగళవారందాకా పోతుంది. గత రెండు వారాల టికెట్లు తెరిచి ఇలాంటివి మూడు నాలుగు పట్టుకోండి, ఎప్పుడు అడిగాం, చివరి జవాబు ఎప్పుడు చదివాం, ఈ రెండు సమయాలే చాలు. "కమ్యూనికేషన్ మెరుగవుతుంది" అని రాస్తే ఎవరూ కదలరు కానీ, తన టికెట్ నంబరు పక్కన 46 గంటలు అని కనిపిస్తే ఏ ప్రొడక్ట్ ఓనరైనా ఆగి చదువుతారు.

ఇప్పుడు షెడ్యూల్. ఏడుగురినీ సాయంత్రానికి మార్చొద్దు. లీడ్, ఒక టెస్టర్, ఇద్దరు డెవలపర్లు చాలు, మిగతా ముగ్గురు ఉదయం షిఫ్టులోనే ఉంటారు. డెవలపర్లనీ టెస్టర్లనీ రెండు వారాలకోసారి మార్చండి, లీడ్‌కి కూడా బదులు ఇంకొకరిని తయారుచేయండి. సోమవారం నుంచి గురువారం దాకా వేసవి పట్టిక ఇలా ఉంటుంది:

| హైదరాబాద్ | డాలస్ | పని |
|---|---|---|
| మ. 1:00–6:00 | తె. 2:30–ఉ. 7:30 | కోడింగ్, టెస్టింగ్. మీటింగ్‌లు వద్దు |
| సా. 6:00–6:30 | ఉ. 7:30–8:00 | ఆ రోజు ప్రశ్నలన్నీ ఒకే చోట రాసిపెట్టడం |
| సా. 6:30–7:00 | ఉ. 8:00–8:30 | స్టాండప్, ముందుగా ప్రశ్నలకు జవాబులు |
| రా. 7:00–8:00 | ఉ. 8:30–9:30 | డెమో, కలిసి చూడాల్సిన డిఫెక్టులు |
| రా. 8:00–8:30 | ఉ. 9:30–10:00 | మనవాళ్ల భోజనం |
| రా. 8:30–9:30 | ఉ. 10:00–11:00 | రివ్యూలు, మిగిలిన సందేహాలు |
| రా. 9:30–10:00 | ఉ. 11:00–11:30 | ఉదయం షిఫ్టుకి హ్యాండోవర్ నోట్ |

భోజనం అరగంటను దాచకుండా పట్టికలోనే పెట్టండి. లేకపోతే కెమెరా ఆపేసి తింటూ మాట్లాడే పరిస్థితి వస్తుంది, అది నెల కూడా సాగదు. శుక్రవారం మాత్రం సాయంత్రం షిఫ్టు 11 నుంచి 8 దాకా, ఓవర్‌ల్యాప్ 6:30 నుంచి 7:30 ఒక్క గంటే. వారాంతంలో ఇరుక్కుపోయే ప్రశ్నలు ఆ గంటలో తేలితే చాలు, శుక్రవారం రాత్రి ఇంట్లో ఉండనివ్వండి.

చలికాలం సంగతి కూడా ఇప్పుడే రాయాలి. మన గడియారం ఏడాది పొడుగునా మారదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు, ఈ 2026లో అది నవంబరు 1. ఆ మర్నాటి నుంచి డాలస్ ఉదయం 8 అంటే మనకు రాత్రి 7:30. ఏమీ రాసుకోకపోతే ఆ గంట భారం మొత్తం మనవాళ్ల మీదే పడుతుంది. నేనైతే చెరి అరగంట అడుగుతాను: చలికాలంలో డాలస్ 7:30 నుంచి 10:30, హైదరాబాద్ 7:00 నుంచి 10:00. వాళ్లు అరగంట ముందొస్తారు, మన షిఫ్టు 1:30కి మొదలై 10:30కి ముగుస్తుంది. క్యాలెండర్‌లో రెండు వేరు సిరీస్‌లు పెట్టి రెండింటికీ టైమ్ జోన్ `America/Chicago` ఎంచుకోండి, డాలస్ అందులోకే వస్తుంది. మెయిల్‌లో CST, IST అని పొట్టిగా రాయకుండా "డాలస్ టైమ్", "హైదరాబాద్ టైమ్" అనండి. వేసవిలో డాలస్‌లో నడిచేది CDT, పైగా IST అంటే ఐర్లండ్, ఇజ్రాయెల్ వాళ్లకి వాళ్ల టైమే గుర్తొస్తుంది.

మెయిల్ మీరు ఇంగ్లిష్‌లోనే రాస్తారు. అందులో ఉండాల్సిన విషయం, వరస ఇది:

"గత రెండు వారాల్లో ఈ నాలుగు టికెట్లు మీ జవాబు కోసం ఒక్కొక్కటి దాదాపు రెండు రోజులు ఆగాయి, వివరాలు కింద ఉన్నాయి. కారణం మన రెండు టీమ్‌ల పనివేళలు ఎక్కడా కలవకపోవడం. మా నలుగురు సోమవారం నుంచి గురువారం దాకా డాలస్ టైమ్ ఉదయం 8 నుంచి 11 వరకు, శుక్రవారం 8 నుంచి 9 వరకు అందుబాటులో ఉండేలా షిఫ్టు మారుస్తాం. మీ నుంచి కావాల్సింది, రోజూ 8 నుంచి 8:30 దాకా నిర్ణయం చెప్పగలిగే ఒకరు. నాలుగు వారాలు నడిపి, టికెట్లు ఆగే సమయం తగ్గిందో లేదో చూసి కొనసాగించాలా వద్దా తేల్చుకుందాం. సరేనంటే వచ్చే సోమవారం మొదలుపెడతాం."

"నిర్ణయం చెప్పగలిగే ఒకరు" అన్న మాట తీసేయొద్దు. అది లేకపోతే కాల్‌కి ఎవరో వచ్చి "అడిగి చెప్తాను" అంటారు, మళ్లీ మర్నాడే.

ఈ మెయిల్ పంపకముందే మీ డెలివరీ మేనేజర్‌తో షిఫ్టు అలవెన్స్, రాత్రి క్యాబ్ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి. రాత్రి షిఫ్టులో మహిళా ఉద్యోగుల సమ్మతి, ఇంటిదాకా రవాణా గురించి నియమాలు ఉంటాయి, హెచ్‌ఆర్‌ని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. క్లయింట్ ఒప్పుకున్నాక టీమ్‌లో ఒకరు కుదరదంటే, మాట వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

"మరి మా మధ్యాహ్నం కూడా ఉంటారా?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. డాలస్ మధ్యాహ్నం 1 అంటే వేసవిలో ఇక్కడ రాత్రి 11:30. లేదు అని సూటిగా చెప్పి, డాలస్ ఉదయం 11:30 తర్వాత వచ్చిన ప్రశ్నలను ఉదయం షిఫ్టు 9:30కి తీసుకుంటుందని, జవాబు డాలస్ 8 గంటలకల్లా టికెట్‌లో ఉంటుందని చెప్పండి. ప్రొడక్షన్ ఆగిపోతే రాత్రి ఫోన్ తీసే ఆన్‌కాల్ వేరే ఒప్పందం, వేరే ధర, దీంతో కలపొద్దు.

మొదలయ్యాక రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, ఆ మూడు గంటలూ స్టేటస్ మీటింగ్‌లతో నిండిపోవడం: వారం చివర నోట్స్ తిరగేస్తే ఒక్క నిర్ణయమూ కనిపించకపోతే అదే జరిగిందని అర్థం, స్టాండప్‌లో ప్రశ్నలను ముందుకు తెండి. రెండోది మనవైపే. సాయంత్రం షిఫ్టు వాళ్లని మన ఆఫీసు వాళ్లే ఉదయం 10:30 మీటింగ్‌కి పిలుస్తారు, చూస్తుండగానే రోజు పన్నెండు గంటలవుతుంది. ఒకే మనిషి మెసేజ్‌లు ఉదయం 10కీ రాత్రి 10కీ కనిపిస్తుంటే వెంటనే మాట్లాడండి. ఒంటిగంటకి ముందు వాళ్ల క్యాలెండర్‌ని బ్లాక్ చేసే పని లీడ్‌దే.

ఈ వారం అభ్యాసం: మీ ప్రాజెక్టులో క్లయింట్ జవాబు కోసం ఆగిన మూడు టికెట్లు తీసి, పై మంగళవారం కథలా ఒక్కోదానికి గంటలు రాయండి. వచ్చే పాఠంలో లండన్ క్లయింట్‌కి ఇదే పని చేద్దాం. అక్కడ తేడా వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర గంటలే కాబట్టి షిఫ్టు మార్చాలా, లేక ఉన్న మధ్యాహ్నాన్నే సర్దుకోవాలా అన్నదే ప్రశ్న.