నలభై దాటాక షటిల్ – నాలుగో పాఠం: పిక్క చిరిగితే నడక ఎప్పుడు, ఆట ఎప్పుడు

పోయిన పాఠంలో వెనక కోర్టు నుంచి నెట్ దగ్గరికి ఉరకడం నేర్చుకున్నాం కదా, నాకు ఎడమ పిక్క చిరిగింది ఆ ఉరుకులోనే, అందుకే ఈ పాఠం మొత్తం దాని మీదే. హన్మకొండలో మాది పొద్దున ఐదున్నర బ్యాచ్. డిసెంబర్ చలి, ఇద్దరమే వచ్చాం, ఒళ్లు వేడెక్కకుండానే సింగిల్స్ మొదలుపెట్టాం. వెనక నుంచి స్మాష్ కొట్టాను, అవతల తమ్ముడు నెట్ మీద మెల్లగా డ్రాప్ వేశాడు, నేను ఎడమ కాలితో నేలను తన్ని ముందుకు లేచానో లేదో పిక్క మీద ఎవరో రాకెట్‌తో కొట్టినట్టు టప్‌మంది. వెనక్కి తిరిగి చూస్తే గోడ తప్ప ఎవరూ లేరు. "ఏమైందే అన్నా?" అని వాడు పరుగెత్తుకొచ్చాడు. ఈ "ఎవరో కొట్టారు" అనిపించడమే ఈ దెబ్బకి గుర్తు.

పిక్కలో పైకి ఉబ్బెత్తుగా కనిపించే కండ పేరు గ్యాస్ట్రోక్నీమియస్. అది మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా పోతుంది, అంటే రెండు కీళ్లు దాటుతుంది. మోకాలు నిటారుగా ఉండి పాదం పైకి మడిచి ఉంటే రెండు వైపులా సాగుతుంది, సరిగ్గా అప్పుడే గట్టిగా తన్నామంటే ఎక్కువగా లోపలి వైపు సగం, కండ కాస్తా ఎముకకి పట్టే తాడులాంటి టెండన్‌గా మారే చోట చిరుగుతుంది. డాక్టర్లు దీన్ని టెన్నిస్ లెగ్ అంటారు. మన దగ్గర టెన్నిస్ ఎవరు ఆడుతున్నారు, షటిల్ లెగ్ అనాలి.

చిరిగిన రోజే చూసుకోవాల్సింది ఒకటుంది, ఎందుకంటే మడమ వెనకాల ఉండే అకిలిస్ టెండన్ తెగినా ఇలాగే టప్‌మంటుంది, దానికి వైద్యం వేరు, ఆలస్యం చేస్తే చెడుతుంది. బోర్లా పడుకుని పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి, ఇంట్లో ఎవరినైనా పిక్కను మధ్యలో పిండమనండి. పాదం దానంతటదే కిందికి వంగితే టెండన్ ఉన్నట్టు. కదలకపోయినా, రెండో కాలి కన్నా బాగా తక్కువ కదిలినా, మడమకి కాస్త పైన వేలితో తడిమితే గుంటలా తగిలినా, అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

గ్రేడ్లు మూడు. మొదటిదాంట్లో కొన్ని పోగులే తెగుతాయి, పట్టేసినట్టు ఉంటుంది కానీ నడవొచ్చు, ఒంటికాలి మీద మడమ ఎత్తితే నొప్పితోనే అయినా లేస్తుంది. వారం నుంచి మూడు వారాల్లో సర్దుకుంటుంది. రెండోదాంట్లో చాలా పోగులు తెగుతాయి, కుంటుతాం, రెండు కాళ్ల మీద మడమ లేస్తుంది గానీ ఒంటికాలి మీద లేవదు. నెల నుంచి రెండు నెలలు అనుకోండి. మూడోది పూర్తిగా తెగడం, కాలు మోపలేం, పిక్కలోనే గుంట తగులుతుంది, మూడు నెలలు దాటుతుంది, దాన్ని ఇంట్లో పెట్టుకుని చూసేది కాదు. నాది రెండోది. అల్ట్రాసౌండ్‌లోనూ అదే వచ్చింది.

మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాల చొప్పున, క్రేప్ బ్యాండేజ్, కాలు దిండ్ల మీద ఎత్తుగా. పక్కింటి పెద్దమ్మ నువ్వుల నూనె వేడిచేసి గిన్నెతో సహా వచ్చింది, "రుద్దుత ఆగు బిడ్డా, పట్టు ఇడుస్తది" అంటూ. దండం పెట్టి ఆపాను. ఇది పట్టు కాదు, చిరుగు. మొదట్లోనే రుద్దినా, కాపడం పెట్టినా లోపల రక్తం ఇంకా కారుతుంది. మూడో రోజు చీలమండ దగ్గర నల్లగా కమిలింది చూసి ఇంట్లోవాళ్లు భయపడ్డారు, కానీ అది పైన కారిన రక్తం కిందికి దిగడమే. భయపడాల్సింది వేరే ఉంది: రోజురోజుకీ పిక్క వాపు పెరుగుతూ వేడిగా, బిగుతుగా అవుతుంటే రక్తం గడ్డ కట్టిందేమో చూపించుకోవాలి, ఛాతీ నొప్పి, ఆయాసం తోడైతే ఆ క్షణమే ఆసుపత్రికి.

ఇక నడక. మూడు వారాలు మంచం దిగొద్దన్నవాళ్లే ఎక్కువ నాకు. కానీ డెన్మార్క్‌లో తొడ, పిక్క కండలు చిరిగిన 50 మంది ఆటగాళ్లను రెండు గుంపులు చేసి చూశారు, 2017లో అచ్చయింది: రెండో రోజే వ్యాయామం మొదలుపెట్టినవాళ్లు సుమారు 62 రోజులకి ఆటలోకి వచ్చారు, తొమ్మిదో రోజు మొదలుపెట్టినవాళ్లకి 83 పట్టింది. వారం ఆలస్యానికి మూడు వారాల వడ్డీ!

నేను మూడో రోజు మొదలుపెట్టాను. పాత రబ్బరు చెప్పు కోసి, సెంటీమీటర్ మందం ముక్కలు రెండు బూట్లలోనూ మడమ కింద పెట్టాను, మడమ ఎత్తుగా ఉంటే పిక్క మీద లాగుడు తగ్గుతుంది. కర్ర దెబ్బతగలని వైపు చేతిలో, అంటే నాకు కుడిచేతిలో. చిన్న అడుగులు, మడమ ముందు ఆనాలి. నొప్పికి భయపడి మునివేళ్ల మీద నడవడం మొదలుపెడితే కండ కుదించుకుపోతుంది, నేను ఒక పూట అలాగే నడిచాను, సాయంత్రానికి బిగుసుకుపోయింది. పదికి మూడు దాటని నొప్పి వరకు పర్వాలేదు. అసలు కొలత మాత్రం మర్నాడు పొద్దున మంచం దిగి బాత్రూమ్ దాకా వేసే మొదటి పది అడుగులు. నిన్నటికన్నా ఎక్కువ కుంటితే నిన్న ఎక్కువ నడిచినట్టే, ఈరోజు సగం చేయండి.

నడకతో పాటే కుర్చీలో కూర్చుని మడమలు ఎత్తడం, పదిహేను చొప్పున మూడు సార్లు. అది తేలికయ్యాక నిలబడి రెండు కాళ్ల మీద, ఆ తర్వాత రెండు కాళ్లతో లేచి ఒంటికాలి మీద మెల్లగా దిగడం, చివరికి ఒంటికాలితో లేవడం. మోకాలు కొంచెం వంచి కూడా చేయాలి, అప్పుడే కిందున్న సోలియస్ కండకి పని పడుతుంది. గట్టిగా సాగదీసే స్ట్రెచ్‌లు మొదటి వారాల్లో వద్దు.

పదో రోజుకి కుంటు పోయింది. రెండో వారం చివర్లో భద్రకాళి బండ్ మీద అరగంట నడిచాను, నొప్పి లేదు. ఇంకేముంది, పదిహేడో రోజు "ఊరికే ర్యాలీ" అని కోర్టులో దిగాను, నాలుగో షాట్‌కే అదే చోట మళ్లీ పట్టేసింది. నొప్పి ముందు పోతుంది, బలం చాలా తర్వాత వస్తుంది, ఆ మధ్య రోజుల్లోనే ఎక్కువమందికి మళ్లీ చిరుగుతుంది. నాకు పది రోజులు దండుగ, మళ్లీ కర్ర.

రెండోసారి కోర్టు ఎక్కడానికి క్యాలెండర్ చూడలేదు. ఎడమ కాలి మీద మడమ ఎత్తడం కుడికాలి లెక్కకి దగ్గరగా, ఇరవై దాటాలి. తర్వాత ఒంటికాలి గెంతులు, మెల్లగా జాగింగ్. ఇవి మర్నాడు పొద్దున పరీక్ష దాటాక షటిల్ లేకుండా అడుగులు మాత్రమే వేశాను, ఒక వారం. ఆ తర్వాత సగం కోర్టు, ఎదుటివాడు చేతికే ఇస్తాడు. డ్రాప్‌కి ఉరకడం, వెనక నుంచి ముందుకు తన్నడం అన్నిటికన్నా చివర. ముందు డబుల్స్, తర్వాతే సింగిల్స్. మొత్తం పది వారాలు పట్టింది, అందులో పది రోజులు నా తొందర ఖాతాలోవి.

వచ్చే పాఠంలోపు ఒక పని చేయండి. దెబ్బ లేనివాళ్లు కూడా. గోడకి రెండు వేళ్లు ఆనించి, మోకాలు నిటారుగా పెట్టి, ఒంటికాలి మీద మడమ పూర్తిగా ఎత్తి దించుతూ లెక్కపెట్టండి, ఎత్తు తగ్గిన చోట ఆపేయండి. కుడి, ఎడమ విడివిడిగా రాసుకోండి. మొన్న ఆదివారం నాకు కుడి 24, ఎడమ 22.