యాప్ పేమెంట్ ఖాతాలో పడలేదా? ముందు పాస్‌బుక్ మొదటి పేజీ చూడండి

వారం డబ్బులు పడలేదని బ్యాంకుకు వెళ్లిన డెలివరీ, బైక్ ట్యాక్సీ కుర్రాళ్లను "మాకు రాలేదు, కంపెనీని అడుగు" అని పంపేస్తారు. కంపెనీ వాళ్లేమో "మేం పంపాం, బ్యాంకును అడగండి" అంటారు. ఈ తిప్పలతో విసిగినవాళ్ల కోసమే "నేను చేయిస్తా, ఖర్చులకివ్వు" అనేవాళ్లు కాచుకుని ఉంటారు.

ఎవరిని అడగాలో యాప్‌లోనే తెలుస్తుంది. పేమెంట్ వివరాల్లో సక్సెస్ అని ఉంటే, ఆ పేమెంట్‌ను గుర్తుపట్టే UTR నంబరు పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి. ఫెయిల్డ్, రిటర్న్‌డ్ అని ఉంటే డబ్బు మీ ఖాతాలో జమ కాలేదు. బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు. యాప్‌లోని వివరాలు సరిచేయాలి.

హైదరాబాద్‌లో చాలామంది ఇరుక్కునేది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాతో. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ANDB తో మొదలయ్యే IFSC కోడ్లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లవు. ఖాతా నంబరు మాత్రం మారలేదు. ఏటీఎం, ఫోన్‌లో యూపీఐ మామూలుగా పనిచేస్తుంటాయి కాబట్టి అనుమానం రాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎప్పుడో మానేసిన యాప్‌లో ఒకతను పాత ఐడీతోనే మళ్లీ చేరాడు. అందులో పాత కోడే ఉండిపోవడంతో 4,860 రూపాయలు రిటర్న్ అయ్యాయి. నెట్‌లో వెతికి UBIN తో మొదలయ్యే కొత్త కోడ్ కొట్టాడు, పాస్‌బుక్ ఫొటో మాత్రం పాతదే పెట్టాడు. టైప్ చేసింది ఒకటి, ఫొటోలో ఉన్నది ఇంకొకటి. రిజెక్ట్ చేశారు.

అందుకే ముందు బ్రాంచీలో కొత్త పాస్‌బుక్ అడగండి. మొదటి పేజీలో పేరు, ఖాతా నంబరు, కొత్త IFSC మూడూ ఉండాలి. బ్యాంకు యాప్ నుంచి దించుకున్న స్టేట్‌మెంట్‌ను కూడా కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. కోడ్‌లో ఐదో స్థానంలో ఉండేది సున్నా, ఇంగ్లీషు అక్షరం 'ఓ' కాదు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటే, పేరు కలవలేదని కూడా ఆపుతారు. అది బ్యాంకులోనే సరిచేయించుకోవాలి.

ఖాతా నంబరును మాత్రం రెండుసార్లు సరిచూసుకోండి. కంపెనీ నుంచి వచ్చే డబ్బును బ్యాంకు సాధారణంగా నంబరు చూసే జమ చేస్తుంది. ఒక్క అంకె తేడాతో వేరేవాళ్ల ఖాతాలో పడితే వెనక్కి రావడం కష్టం.

కొత్త వివరాలు పంపాక చాలా కంపెనీలు ఒక రూపాయి వేసి చూస్తాయి. అది వచ్చిందంటే ఇకమీదటి పేమెంట్లకు టెన్షన్ లేదు. పాత 4,860 మాత్రం దానంతటదే వస్తుందని అనుకోవద్దు. తేదీ, మొత్తం, రిటర్న్ స్క్రీన్‌షాట్‌తో యాప్‌లోనే టికెట్ పెట్టి, మళ్లీ పంపమని అడగండి.

ఈ పని చేయిస్తామనేవాళ్లకు డబ్బు ఇవ్వక్కర్లేదు, ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదు. నెట్‌లో దొరికిన "కస్టమర్ కేర్" నంబరుకు చెప్పేసి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.