వన్‌షాట్ హైస్ట్: ప్లానింగ్‌కి 15 నిమిషాలు చాలు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌ని మీరు నడిపిస్తూ, నలుగురు ప్లేయర్లతో ఒకే సిట్టింగ్‌లో, మూడు గంటల్లో దోపిడీ కథ ముగించాలంటే ప్లానింగ్‌కి 15 నిమిషాలే ఇచ్చి, టైమర్‌ని టేబుల్ మీద పెట్టండి. పగ్గం వదిలితే "ఒకవేళ అలా అయితే?" అనుకుంటూనే గంట కరిగిపోతుంది. మ్యాప్, కాపలా మారే వేళ, రెండు అడ్డంకులు ముందే చెప్పేయండి. మూడోది దాచుకోండి. వాళ్లు తేల్చాల్సింది లోపలికి దారి, సరుకుతో బయటపడే దారి, అంతే.

మిగతాదంతా ఫ్లాష్‌బ్యాక్‌లది, అంటే అడ్డంకి ఎదురైనప్పుడు "దీనికి ముందే ఏర్పాటు చేశా" అని ప్లేయర్ ఆట మధ్యలో చెప్పడం. ఒక్కొక్కరికి మూడు టోకెన్లు ఇవ్వండి. మామూలు ఏర్పాటుకి ఒకటి, నమ్మడం కష్టమైనదానికి రెండు ఖర్చు.

ఉదాహరణకి, నగల వేలంశాలలో ఖజానా గది ముందు వేటకుక్క ఉంది. అదే మీరు దాచిన అడ్డంకి. "నిన్న వంటవాడికి డబ్బిచ్చి దాని తిండిలో మత్తు కలిపించా" అంటాడు ప్లేయర్. ఒక టోకెన్ తీసుకుని, వంటవాణ్ణి ఒప్పించడానికి డైస్ వేయించండి. నెగ్గితే కుక్క గురకపెడుతుంది. ఓడితే "ఏమీ జరగలేదు" అనకండి, టోకెన్ దండగైనట్టు ఉంటుంది. కుక్క నిద్రలోనే ఉంది, కానీ వంటవాడు ఇంకా డబ్బు కావాలంటూ తలుపు దగ్గర కాచుకున్నాడు.

ఒక్క హద్దు మాత్రం గట్టిగా పాటించండి: టేబుల్ మీద జరిగిపోయినదాన్ని ఫ్లాష్‌బ్యాక్ చెరపదు. కుక్క అప్పటికే కరిచేస్తే మత్తు కథ చెల్లదు, "లోపల మందమైన బూట్లు వేసుకొచ్చా" లాంటిది చెల్లుతుంది.

సగం ఆట అయినా ఎవరూ టోకెన్ తీయలేదంటే అడ్డంకులు మరీ తేలికగా ఉన్నట్టే. వెంటనే ఒక కాపలావాణ్ణి వేళకాని వేళలో గస్తీకి పంపండి.